పదో తరగతి మ్యాథ్స్: హాలు భయానికి ఆదివారం రిహార్సల్

“సార్, ఇంట్లో కూర్చుంటే లెక్కలన్నీ వస్తాయి. హాల్లో పేపర్ చేతికి రాగానే చెమటలు పట్టి అంతా మర్చిపోతున్నా. ఏం చేయాలి?” కావలి నుంచి పదో తరగతి అమ్మాయి అడిగింది.

ముందు ఒకటి తేల్చుకోవాలమ్మా. మార్కులు భయం వల్ల పోతున్నాయా, లెక్క రాక పోతున్నాయా? రెండూ బయటికి ఒకేలా కనపడతాయి, మందు మాత్రం వేరు. తేల్చుకోవాలంటే హాలునే ఇంటికి తెచ్చుకోవాలి.

ఆదివారం పొద్దున పాత పబ్లిక్ పేపర్ ఒకటి తీసుకో, నువ్వు ఇంతకుముందు చూడనిది. గైడులో జవాబులున్న పేపర్ వద్దు, చెయ్యి ఊరుకోదు. ఇంట్లో మంచం మీద కాదు. పక్కింటి వరండానో, స్కూల్లో అడిగితే ఒక క్లాస్ రూమో, నీకు అలవాటు లేని చోటు అయితే మంచిది. ఫోన్ అమ్మ దగ్గర పెట్టు. గోడ గడియారం ఒక్కటి చాలు. నాన్ననో పిన్నినో ఇన్విజిలేటర్‌గా కూర్చోమను. వాళ్ళు మాట్లాడకూడదు కానీ, మధ్యలో ఒకసారి వెనక నుంచి వచ్చి నీ పక్కన నిలబడాలి, పేపర్ మీద సంతకం పెట్టాలి. నిశ్శబ్దం అంటే చప్పుడే లేకపోవడం కాదు. ఫ్యాన్ కిర్రుమంటుంది, వెనక బెంచీలో ఎవరో పేజీ తిప్పుతారు. నిజంగా మన పిలకాయల్ని బెదరగొట్టేది ఆ చప్పుళ్ళే.

ఇప్పుడు టైము. ఆంధ్రప్రదేశ్ పబ్లిక్‌లో మ్యాథ్స్ వంద మార్కులు, తొమ్మిదిన్నర నుంచి పన్నెండూ ముప్పావు దాకా. అందులో మొదటి 15 నిమిషాలు పేపర్ చదవడానికి. ఆ 15 నిమిషాలూ పెన్ను ముట్టొద్దు. 9:45కి మొదలుపెడితే ఒక మార్కువి పన్నెండూ 10:00కి, రెండు మార్కులవి ఎనిమిదీ 10:25కి, నాలుగు మార్కులవి ఎనిమిదీ 11:15కి, ఎనిమిది మార్కులవి ఐదూ 12:15కి అయిపోవాలి. చివరి అరగంట వదిలేసినవాటికి, సరిచూసుకోడానికి. ప్రతి లెక్క మొదలుపెట్టేటప్పుడు మార్జిన్‌లో టైము వెయ్యి. రెండు నిమిషాలు పెన్ను కదలకపోతే అర పేజీ వదిలేసి తర్వాతి లెక్కకి పో. ఈ నియమం ఇంట్లో పాటించనివాళ్ళు హాల్లో అస్సలు పాటించరు.

నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే ఒకమ్మాయి సంగతి చెబుతా. ఇలాగే రిహార్సల్ రాసింది. మార్జిన్ చూస్తే ఒక్క గ్రాఫ్ లెక్క మీదే చాలాసేపు పోయింది. p(x) = x² - x - 12. x = -3 దగ్గర విలువ -18 అని వేసింది. అసలు అది 9 + 3 - 12, అంటే సున్నా. (-3)² ని -9 అనుకుంది. బిందువు వంపులో కూర్చోక గీయడం, చెరపడం, మళ్లీ గీయడం. పట్టికలో రెండు చివరల నుంచీ చూసుంటే దొరికిపోయేది: -4 దగ్గరా 5 దగ్గరా 8 రావాలి, -3 దగ్గరా 4 దగ్గరా సున్నా రావాలి. ఆ తప్పు కంటే, అక్కడ పోయిన టైమే చివరి రెండు లెక్కల్ని మింగేసింది.

టైము అయిపోగానే ఇన్విజిలేటర్ పేపర్ లాక్కోవాలి. వాక్యం మధ్యలో ఉన్నా సరే. కాస్త మజ్జిగ తాగి రా. తర్వాత ఆకుపచ్చ పెన్ను తీసుకుని, గడియారం లేకుండా, పుస్తకం తెరవకుండా మిగిలినవి చెయ్యి. ఆకుపచ్చలో వచ్చేసినవి భయమో టైమో తినేసిన మార్కులు. ఆకుపచ్చలో కూడా రానివి పాఠం రానివి, వాటికి ఎన్ని రిహార్సళ్లు వేసినా లాభం లేదు, పుస్తకం పట్టాల్సిందే. ఆ అమ్మాయికి గ్రాఫూ, చివరి రెండు లెక్కలూ ఆకుపచ్చలో వచ్చాయి. త్రికోణమితిలో ఎత్తులూ దూరాలూ రాలేదు. అది భయం కాదు, పటం గీయడం రాకపోవడం.

మొదటిసారి మార్కులు మామూలుగా వచ్చేవాటికంటే తగ్గుతాయి. కంగారుపడి మానెయ్యొద్దు, హాల్లో జరిగేదే ఇంట్లో కనపడింది. మార్కుల కన్నా ఆకుపచ్చ సిరా చూడు. వారం వారం అది తగ్గుతోంటే పని జరుగుతున్నట్టే. వారానికి ఒకటి చాలు, రోజూ మూడుగంటల పేపర్ రాస్తే చదవడానికి టైముండదు. పబ్లిక్‌కి చివరి రెండు రోజుల్లో పూర్తి పేపర్ వద్దు. మొదటి 15 నిమిషాల చదవడం ఒక్కటే ప్రాక్టీస్ చెయ్యి: ఏది ముందు, ఏది చివర, ఛాయిస్‌లో ఏది.

ఇవన్నీ చేసినా వాంతులు, వారాల తరబడి నిద్ర పట్టకపోవడం ఉంటే ఇది రిహార్సల్‌తో పోయేది కాదు, అమ్మానాన్నకి చెప్పి డాక్టర్ని చూడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

ఇంకోటి, సైన్స్‌కి ఈ టైములు వెయ్యొద్దు. ఫిజికల్ సైన్స్, బయాలజీ విడివిడిగా 50 మార్కుల పేపర్లు, రెండేసి గంటలే. వాటికి లెక్క వేరే వేసుకోవాలి.