కార్డులన్నీ ఒకే సైజా? అయితే అసలు నంబర్‌ని మీరే దాచేశారు!

"డాష్‌బోర్డ్‌లో కంపెనీ పనితీరు చెప్పే ఎనిమిది కేపీఐలూ ముఖ్యమే అంటున్నారు మా ఎండీ గారు. ఒకే పేజీలో ఏది ముందు కనపడాలో ఎలా తేల్చాలి?"

ముందు ఆ ఎనిమిది నంబర్ల కార్డుల్నీ ఒకే సైజులో, ఒకే వరసలో పెట్టడం మానేయండి! అర్ధచంద్రం లాంటి గేజ్‌లు వాడాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నాం కదా, దానికన్నా పెద్ద తప్పు ఇది. ఒకే సైజులో పెట్టారంటే, ఏది ముఖ్యమో తేల్చే పని చూసేవాళ్ల నెత్తిన పడేసినట్టే.

నేను పనిచేసిన ఒక కంపెనీలో నా కళ్ల ముందు జరిగింది చెబుతాను. పేజీ పై ఎడమ మూలలో పెద్ద లోగో. దాని పక్కన ఇంత లావు అక్షరాల్లో 'ఎగ్జిక్యూటివ్ డాష్‌బోర్డ్' అని టైటిల్. ఏం తెరిచారో తెరిచినవాళ్లకి తెలుసు కదండీ! కింద ఎనిమిది కార్డులు, అన్నీ ఒకే బూడిద రంగు. మొదటిది రెవెన్యూ. ఆరోది సకాలంలో డెలివరీ. ఆ ఆరో కార్డు ఒక నెల 94 శాతం, తర్వాతి నెల 91, ఆ తర్వాత 86. ప్రతి రివ్యూలోనూ అది స్క్రీన్ మీదే ఉంది, ఒక్కరూ ఆగలేదు. ఎందుకంటే కార్డు మీద 86% అని మాత్రమే ఉంది. టార్గెట్ 95 అని లేదు, పోయిన నెల ఎంతో లేదు. 86 అంటే మార్కులు బాగానే వచ్చినట్టు కనిపిస్తుంది మరి! నాలుగో నెలలో ఆర్డర్లు క్యాన్సిల్ అయ్యి రెవెన్యూ పడిపోయాక అప్పుడు మొదలైంది టెన్షన్.

అందుకే నా వాదన ఇది, తిట్టుకున్నా సరే: మొదటి చోటు అలవాటుగా రెవెన్యూకి ఇచ్చేయకండి. రెవెన్యూ చాలాసార్లు జరిగిపోయిన దాని ఫలితం. డెలివరీ లాంటివి జరగబోయేదాన్ని ముందే చెబుతాయి. మీ ఎండీ గారిని "ఏది ముఖ్యం?" అని అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు. అలా అడగొద్దు. "ఏ నంబర్ చెడితే ఈరోజే ఎవరికైనా ఫోన్ చేస్తారు?" అని అడగండి. ఎనిమిది కాస్తా ఒకటో రెండో అవుతాయి. మేం అడిగినప్పుడు ముందు డెలివరీ, తర్వాత క్యాష్ అన్నారు.

ఇక పేజీ. డాష్‌బోర్డులు తయారుచేసే పవర్ బీఐలో మా పేజీ 1280×720. తెలుగైనా ఇంగ్లీషైనా మనం ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదువుతాం కాబట్టి కన్ను ముందు వాలేది దాదాపుగా ఆ పై ఎడమ మూలలోనే. లోగోని చిన్నది చేసి కింద కుడి మూలకి పంపాం. ఫిల్టర్లని కుడి అంచుకి జరిపాం. ఖాళీ అయిన చోట, పేజీలో మూడో వంతు వెడల్పున డెలివరీ: అంకె 48 పాయింట్లలో, దాని కిందే చిన్నగా 'టార్గెట్ 95, పోయిన నెల 91', ఆ కింద 12 నెలల సన్నటి గీత. పక్కన క్యాష్, రెవెన్యూ 28 పాయింట్లలో. మిగతా ఐదూ కింద చిన్న టేబుల్‌లోకి వెళ్లాయి. సైజులో తేడా ఇంత కొట్టొచ్చినట్టు ఉండాలి. 28 పక్కన 32 పెడితే ఎవరూ గమనించరు, పొరపాటున అలా పడిందనుకుంటారు.

గేజ్ గురించి కూడా అనేస్తాను, ఆగలేను. ఆ అర్ధచంద్రం అంత చోటు మింగి చూపించేది ఒక్క అంకె. డేటా విజువలైజేషన్ నిపుణుడు స్టీఫెన్ ఫ్యూ దానికి బదులుగానే బుల్లెట్ గ్రాఫ్ తయారుచేశారు: ఒక అడ్డ పట్టీ, టార్గెట్ దగ్గర ఒక నిలువు గీత. ఒక గేజ్ పట్టే ఎత్తులో అలాంటివి నాలుగైదు పడతాయి.

"మరి వచ్చే నెల క్యాష్ చెడితే దాన్ని మొదటి చోటికి తేవాలా?" అని అడుగుతారు. వద్దు! చోటు మారిస్తే ప్రతిసారీ వెతుక్కోవాలి. చోటు కదలకూడదు, రంగు మారాలి. హద్దు దాటినదానికే ఎరుపు, మిగతావన్నీ బూడిద. బాగున్నవాటికి పచ్చ రంగు పూశారంటే ఆ పచ్చల మధ్య ఎరుపు మునిగిపోతుంది. ఎరుపు, పచ్చ తేడా తెలియని కళ్లూ ఉంటాయి కాబట్టి పక్కన ▼ గుర్తు కూడా పెట్టండి. ఫోన్‌లో చూసేవాళ్లుంటే మొబైల్ లేఅవుట్‌ని విడిగా మీరే సర్దండి, అక్కడ కూడా అదే నంబర్ మొదట రావాలి.

పని అయ్యాక, ఆ పేజీ ఎప్పుడూ చూడని మనిషికి ఐదు సెకన్లు చూపించి మూసేయండి. "ఏం చూశారు?" అని అడగండి. పాత పేజీకి మాకు వచ్చిన జవాబు "ఏవో చాలా నంబర్లు ఉన్నాయి". కొత్త పేజీకి వచ్చింది, "డెలివరీ 86కి పడిపోయింది, 95 ఉండాలి కదా, ఎందుకలా?"