టెన్త్ బ్యాచ్ గెట్ టుగెదర్‌కి వాట్సాప్ పోల్: రెండు నెలలు వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, టీచర్లకి ఇచ్చే మెమెంటో ఒకటి ఒక షాపు వాళ్ళు శాంపిల్‌గా ఉచితంగా పంపారు, ఇదిగో టేబుల్ మీద ఉంది, దాని సంగతి ఇంకో వీడియోలో చూద్దాం. ఇవాళ మాత్రం పోల్ గురించే. పోల్ ఎలా పెట్టాలో, పన్నెండు ఆప్షన్ల దాకా ఇవ్వొచ్చని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, అందుకని అవి వదిలేసి నేరుగా మా బ్యాచ్ దగ్గరికి వెళ్దాం.

మాది 2000-01 టెన్త్, జిల్లా పరిషత్ హైస్కూల్. అటెండెన్స్ రిజిస్టర్ ప్రకారం రెండు సెక్షన్లు కలిపి 74 మంది. గ్రూపులోకి వచ్చింది 52 మంది.

పోల్ కన్నా ముందు పేర్ల లిస్టు గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు ఒళ్ళు మండింది అక్కడే. మీ గ్రూపుల్లోనూ ఇదే పద్ధతి ఉంటుంది: ఎవరో ఒకరు "1. ఫలానా" అని మొదలుపెడతారు, తర్వాతి వాళ్ళు దాన్ని కాపీ చేసి కింద తమ పేరు, ఊరు, నంబరు కలిపి మళ్ళీ పెడతారు. పదిహేడు దాకా చక్కగా వచ్చింది. ఆ రాత్రి ఇద్దరు ఒకేసారి అదే పదిహేడు పేర్ల లిస్టు కాపీ చేసుకున్నారు. ఇద్దరూ పద్దెనిమిదో నంబరుగా తమ పేరు రాసి పెట్టారు. ఆ తర్వాత వాళ్ళంతా రెండో దాన్ని పట్టుకుని ముందుకు పోయారు, మొదటి ఆయన పేరు లిస్టులోంచి మాయమైపోయింది. ఆయన తన పేరు ఉందనే అనుకున్నాడు, మేము ఆయన రావట్లేదనుకున్నాం. పద్దెనిమిదో నంబరు రెండు వేర్వేరు పేర్లతో కనిపించిందంటే ఎవరో ఒకరు పోయారని గుర్తు. పైగా మా బ్యాచ్‌లో ముగ్గురు శ్రీనివాసులు, ఇంటిపేరు, సెక్షన్ లేకపోతే ఏ శ్రీను ఎవరో తెలియదు. అమ్మాయిలకి పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, రిజిస్టర్‌లో ఉన్న పేరు కూడా పక్కన రాయించాలి.

అప్పట్నుంచి లిస్టు నేనొక్కదాన్నే రాస్తున్నాను. పేర్లు గ్రూపులో చెప్తారు, ఫోన్ నంబర్లు మాత్రం నాకు విడిగా పంపుతారు. నోట్‌బుక్‌లో రాసుకుని రాత్రికి ఒక్క లిస్టు పెట్టి పిన్ చేస్తాను, పిన్ ముప్పై రోజుల దాకా ఉంచుకోవచ్చు. ఇంకో మాట, అడక్కుండా ఎవరినీ గ్రూపులో కలపొద్దండీ. కలిపిన క్షణంలో వాళ్ళ నంబరు అందరికీ కనిపిస్తుంది. ఫోన్ చేసి అడిగి, సరేనంటే లింకు పంపండి.

ఇప్పుడు తేదీ. మొదటి పోల్ నేనే తప్పుగా పెట్టాను. `Allow multiple answers` ఆపేసి, ఒక్కొక్కరికి ఒక్క తేదీ అన్నాను. 38 మంది ఓటేశారు: డిసెంబర్ 28కి 13, కనుమ మర్నాడు జనవరి 17కి 11, మే 10కి 9, ఏప్రిల్ 26కి 5. డిసెంబరే ఖాయం అని కొందరు బస్సు టికెట్ల మాట కూడా ఎత్తారు. కానీ ఆ 13 చెప్పేది ఎవరికి ఏది ఇష్టమో మాత్రమే, ఎవరు రాగలరో కాదు కదా! అందుకే అదే ప్రశ్నని మార్చి, "మీరు రాగలిగిన తేదీలన్నీ నొక్కండి" అని రాసి, ఆ బటన్ ఆన్ చేసి మళ్ళీ పెట్టాను. ఈసారి 41 మంది. జనవరి 17కి 33, మే 10కి 20, డిసెంబర్ 28కి 17, ఏప్రిల్ 26కి 9.

చూశారా, రెండో స్థానంలో ఉన్నది ఎంత ముందుకొచ్చిందో! హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేవాళ్ళకి డిసెంబర్ ఇష్టం, కానీ పండక్కి ఎలాగూ ఊరొస్తారు. మా అమ్మాయిల్లో చాలామంది సంక్రాంతికే పుట్టింటికొస్తారు, వాళ్ళకి మిగతా తేదీల్లో ఇల్లు కదలడమే కష్టం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజు పెట్టలేదు, మర్నాడు పెట్టాం.

ఓటేసిన వాళ్ళ పేర్లు `View votes`లో ఉంటాయి, వేయనివాళ్ళవి ఉండవు, నాకు నచ్చనిది ఇదొక్కటే. నేను లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కో పేరుకి టిక్ కొట్టాను, పదకొండు మంది మిగిలారు, ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఆరుగురు పదిహేడుకి వస్తామన్నారు. ఒకాయనైతే "పోల్ అంటే ఏంటో తెలీక ఊరుకున్నానమ్మా, నేనొస్తాను" అన్నాడు. అలా 39 మంది అయ్యారు.

నా తీర్పు: తేదీ కోసం పోల్ కచ్చితంగా వాడండి, మల్టిపుల్ ఆన్ చేసి మాత్రమే. పేర్లకి, నంబర్లకి మాత్రం ఒక నోట్‌బుక్, ఒక మనిషి. గ్రూపులో ఇంకా లేని 22 మంది కోసం రేపు స్కూల్‌కి వెళ్తున్నాను, పాత అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి.