పాత వల ఏ రకమో తేల్చేదెలా? – ఫోన్-ఇన్

యాంకర్: ఉప్పాడ నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. మా పాకలో పాత వలలు గుట్టగా పడున్నాయండి. మొన్న రాళ్ళకి తట్టుకున్న వల ఒకటి, ఎవరిదో గానీ, మా వలతో పాటు పైకొచ్చింది. అందులో పీతలు చచ్చి ఉన్నాయండి. ఇవన్నీ కలిపి అమ్ముదామంటే పాత సామాన్లాయన చాలా తక్కువ ధర చెబుతున్నాడు.

నిపుణుడు: కలిపి ఇస్తే ధర రాదు బాబూ. తంగూసు వల నైలాన్, ట్రాలు వల ఎక్కువగా పాలిథిలీన్. నైలాన్ సుమారు 220 డిగ్రీల దగ్గర కరిగితే, పాలిథిలీన్ 130 దగ్గరే కరుగుతుంది. రెండూ కలిపి కరిగిస్తే ఒకదానికొకటి అతుక్కోవు, వచ్చే సరుకు పెళుసుగా ఉంటుంది. అందుకే ముందు వేరు చెయ్యాలి.

శ్రోత: చూస్తే తెలియదు కదండీ?

నిపుణుడు: రంగు చూసి నమ్మకండి. ముడులు లేని చిన్న దారం ముక్క కోసి, సబ్బు చుక్క వేసిన మంచినీళ్ళలో ముంచి, గాలి బుడగలు పోయేలా నలపండి. బుడగలుంటే మునగాల్సింది కూడా తేలిపోతుంది. తేలితే పాలిథిలీన్ లేదా పాలీప్రొపిలీన్. మునిగితే నైలాన్ కావచ్చు, పాలియెస్టర్ కావచ్చు. ఇప్పుడు ఇంకో గిన్నెలో ఉప్పు ఇక కరగనంత వరకు కలపండి. లీటరుకు 350 గ్రాముల దాకా పడుతుంది. అందులో నైలాన్ తేలుతుంది, పాలియెస్టర్ మునుగుతుంది.

యాంకర్: నైలాన్‌ను ఏం చేస్తారండీ?

నిపుణుడు: వలల్లో ఎక్కువగా వాడేది నైలాన్ 6. దాన్ని మళ్ళీ కాప్రొలాక్టం అనే ముడిసరుకుగా విడగొట్టి, శుద్ధి చేసి, కొత్త నైలాన్ తయారు చేయవచ్చు. స్లొవేనియాలోని లుబ్లియానాలో అక్వాఫిల్ సంస్థ 2011 నుంచి ఈ పని చేస్తోంది. ఆ నూలు కార్పెట్లకు, ఈత దుస్తులకు వెళుతుంది. పాలిథిలీన్‌ను అయితే కడిగి, ముక్కలు చేసి, కరిగించి గుళికలుగా మారుస్తారు.

శ్రోత: మరి రాళ్ళ మీద నుంచి వచ్చిన వలండీ?

నిపుణుడు: దానికి పని ఎక్కువ. నత్తగుల్లలు, ఇసుక, సీసం గుండ్లు మిషన్ బ్లేడ్లను పాడు చేస్తాయి. ఎండబెట్టి దులిపి, గుండ్లు, బెండ్లు, తాళ్ళు కోసి తీసేయండి. అయినా కొంత పారేయక తప్పదు. నిజానికి ఫ్యాక్టరీలకు ఎక్కువ పనికొచ్చేది మీ పాకలో శుభ్రంగా ఉన్న గుట్టే. నైలాన్ నీళ్ళలో మునుగుతుంది కాబట్టి సముద్రంలో తెగిన వల అడుగునే ఉండి పీతల్ని, చేపల్ని పడుతూనే ఉంటుంది. మీ వల ఎక్కడైనా తట్టుకుంటే ఆ చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి. శిక్షణ ఉన్న డైవర్లకు అదే ఆధారం. మీరు మాత్రం దిగకండి, వలలో చిక్కుకుంటే ప్రాణాలకే ప్రమాదం.

శ్రోత: సరేనండి. ఈ రాత్రే రెండు గిన్నెలు పెడతాను.