డైలాగు లేని సినిమాకి టైమ్‌స్టాంప్ ఎట్టా రాయాలి?

"అన్నా, సింగీతం గారి పుష్పక విమానం మీద వ్యాసం రాస్తున్నా. అందులో డైలాగే లేదు కదా, ఏ సీన్ గురించి చెప్తున్నానో ఎట్టా చూపించాలి?" నెల్లూరు నుంచి ఒక విద్యార్థిని అడిగింది.

ఇక్కడ టైమ్‌స్టాంపే పేజీ నంబరమ్మా. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వాళ్ల ఎంఎల్ఏ సైటేషన్ పద్ధతిలో చూద్దాం.

పెద్ద హోటల్లో హీరోకి నిద్రపట్టదు. పాత గది పక్కనున్న సినిమా హాలు రొదని టేపులో రికార్డు చేసి తెచ్చుకుని, అది పెట్టుకుని పడుకుంటాడు. నువ్వు రాసేది ఈ శబ్దం గురించే అనుకో. టేపు రొద మొదలైన చోట పాజ్ చెయ్యి, ఆగిన చోట మళ్లీ పాజ్ చెయ్యి. రెండు టైములూ గంటలు, నిమిషాలు, సెకన్ల లెక్కన రాసుకో. కొన్ని ప్లేయర్లు గడిచిన టైము బదులు మిగిలిన టైము చూపిస్తాయి. అంకె ముందు మైనస్ ఉంటే అదే, నొక్కి మార్చుకో.

టైములు ఊరికే నమూనాకి వేశాను. మొదటి లైను వ్యాసం చివర ఇచ్చే ఆధారాల జాబితాలోకి, రెండోది వ్యాసంలో వాక్యం చివరికి:

```
Singeetam Srinivasa Rao, director. Pushpaka Vimana. Mandakini Chitra Productions, 1987.
(Singeetam 00:41:20-00:42:05)
```

సినిమా పేరు ఇటాలిక్స్‌లో పెట్టు. యూట్యూబులో చూస్తే సంవత్సరం తర్వాత ఆ పేరు, లింకు చేర్చు. ఆయనవే రెండు సినిమాలు జాబితాలో ఉంటే, బ్రాకెట్లో సింగీతం తర్వాత కామా పెట్టి సినిమా పేరు కూడా రాయాలి.

ఎక్కువ మంది తప్పేది డైరెక్టరు పేరు దగ్గర. ఆన్‌లైన్ సైటేషన్ టూల్స్ చివరి మాటని ఇంటిపేరనుకుని "Rao, Singeetam Srinivasa" అని తిప్పేస్తాయి. మన ఉదయగిరిలో పుట్టిన ఆయనకి ఇంటిపేరు సింగీతం, అది ముందే ఉంది. తిప్పొద్దు, పేరు మధ్యలో కామా అక్కర్లేదు.

సినిమా పేరు మాత్రం నువ్వు చూసిన ప్రింటు టైటిల్ కార్డులో ఉన్నదే రాయి. ఇదే సినిమా కన్నడంలో పుష్పక విమాన, హిందీలో పుష్పక్, తమిళంలో పేసుం పడం. 2021లో తెలుగులో పుష్పక విమానం అని వేరే సినిమా కూడా వచ్చింది, కాబట్టి సంవత్సరం వదలొద్దు.

టైము తేడా వచ్చేది కాపీ మారినప్పుడు. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాని పాల్ అనే టీవీ పద్ధతిలో చేసిన డీవీడీ 25 ఫ్రేములతో నడిపిస్తుంది. ఫిల్ములో సరిగ్గా గంట దగ్గరుండే సీను అక్కడ 57 నిమిషాల 36 సెకన్లకే వచ్చేస్తుంది. యూట్యూబు అప్‌లోడులో ముందు చానెల్ లోగో అతికించి ఉంటే ఆ సెకన్లూ కలుస్తాయి. అందుకే వ్యాసం మొత్తానికీ ఒకే కాపీ వాడు. డీవీడీ అయితే ఆ సంగతి జాబితాలో చెప్పు.

డాక్యుమెంటరీకీ ఇదే పద్ధతి, వ్యాఖ్యానం చదివినాయన్ని డైరెక్టరుగా రాయకుండా ఉంటే చాలు. టీవీ ఎపిసోడుకైతే ఎపిసోడు పేరు కోట్స్‌లో, సిరీస్ పేరు ఇటాలిక్స్‌లో, తర్వాత సీజన్, ఎపిసోడు నంబర్లు. డైరెక్టరు పేరు ఆ ఎపిసోడు టైటిల్స్‌లో చూసి రాయి, ఎపిసోడుకొకరు మారుతుంటారు.