విశాఖలో మరణ పత్రం, కాశీనగరంలో పట్టా: ముందు ఏ కౌంటరుకు వెళ్ళాలి?

(ఎపిసోడ్ పూర్తి పాఠం)

సుజాత: నమస్కారం. పర్లాకిమిడి నుంచి సుజాత, మావయ్య మాట్లాడుతున్నాం. ఈ రోజు విషయం కాలేజీ అడ్మిషన్లకు కావలసిన ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రాలు. మా సేవా కేంద్రం ముందు ఇప్పటికే వరుసలు మొదలయ్యాయి.

మావయ్య: ఈ మూడూ తహసీల్దారు కార్యాలయం నుంచే వస్తాయి, ఒకటి వచ్చాకనే మరొకటి అడగాలన్న నియమమేమీ లేదు. అందువల్ల ఆదాయ పత్రం చేతికి వచ్చేదాకా కుల పత్రానికి ఆగనవసరం లేదు, మూడు దరఖాస్తులూ ఒకే రోజు వేయండి. కుల పత్రానికి మాత్రం పాత ఆధారం కావాలి కాబట్టి తండ్రిదో తాతదో పట్టా ముందుగా చూసుకోండి, మన ఒడిశా పట్టాలో రైతు పేరు పక్కనే కులం కూడా రాసి ఉంటుంది.

సుజాత: మూడు నిమిషాలు కాకముందే పట్టా దగ్గరికి వచ్చేశారు.

మావయ్య: ముప్ఫయ్యేళ్ళు ఆ కార్యాలయంలో కూర్చున్న వాణ్ని, మరి దేని దగ్గరికి రమ్మంటావు?

సుజాత: సరే. విషయంలోకి వెళ్ళే ముందు సూరత్ నుంచి ఒక శ్రోత పంపిన ఉత్తరం చదువుతాను. ఆయన తండ్రి పోయిన నెల విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో చనిపోయారు. ఊరు ఇక్కడే, మన ఒడిశాలో కాశీనగరం వైపు. తల్లి ఊళ్ళోనే ఉన్నారు, చెల్లెలు పెళ్ళై టెక్కలిలో ఉంటోంది. తండ్రి పేరున రెండెకరాల పొలం, ఒక బ్యాంకు ఖాతా ఉన్నాయి. మిల్లులో వారం రోజులే సెలవు ఇస్తారట. బంధువులు తలా ఒక దారి చెబుతున్నారు, ముందు ఎక్కడికి వెళ్ళాలని అడుగుతున్నారు.

మావయ్య: పాపం. మరణాన్ని ఎక్కడ నమోదు చేశారో రాశారా?

సుజాత: ఆసుపత్రి వాళ్ళు వివరాలు పంపామన్నారట. అయితే ఒక పెద్దాయన, మన ఊరి వాడు కాబట్టి ఇక్కడే నమోదు చేయించాలని పట్టుబడుతున్నారట.

మావయ్య: ఆ పెద్దాయన మాట వినవద్దు. మరణాన్ని అది జరిగిన చోటనే నమోదు చేస్తారు, చనిపోయినవారి సొంత ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం అలాగే చెబుతుంది. ఆసుపత్రిలో మరణం జరిగితే సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఆసుపత్రిదే. మళ్ళీ ఇక్కడ ఇంకొకటి నమోదు చేయిస్తే ఒకే మనిషికి రెండు మరణ పత్రాలు తయారవుతాయి, ఆ తరువాత ఏ కార్యాలయంలో ఏది చూపినా రెండోది ఎక్కడిదని అడుగుతారు. 21 రోజుల లోపు రుసుము ఉండదు. ఆ తరువాత 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో సరిపోతుంది, నెల దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కాబట్టి ఆసుపత్రి పంపిందో లేదో ఈ రోజే ఫోను చేసి తెలుసుకోవాలి.

సుజాత: నేను ఇంకొకటి చేర్చుతాను. ఆయన సూరత్ నుంచి నేరుగా ఊరికి వచ్చి, మర్నాడు మళ్ళీ విశాఖకు పరుగెత్తడం దండగ. దారిలోనే విశాఖలో దిగి, పత్రం చేతికి తీసుకున్నాకే ఇల్లు చేరాలి.

మావయ్య: కౌంటరు వదలక ముందు అందులో నాలుగు చోట్లు చదవాలి: చనిపోయినవారి పేరు, ఆయన తండ్రి పేరు, భార్య పేరు, శాశ్వత చిరునామా. ఆసుపత్రిలో ఆ వివరాలు చెప్పేది ఎవరు? ఏడుస్తున్న మేనల్లుడో, పక్క మంచం వాడో. శాశ్వత చిరునామా గడిలో విశాఖలో ఉన్న బంధువు ఇల్లు రాయించేస్తారు. ఇక్కడ తహసీలులో అది చూసి, ఈయన మన పరిధిలోని వారేనా అని ఆగిపోతారు. అప్పుడు సవరణ కోసం మళ్ళీ విశాఖ రిజిస్ట్రారు దగ్గరికే పోవాలి, ఎందుకంటే నమోదు చేసినవారు తప్ప ఇంకెవరూ దాన్ని దిద్దలేరు. వెళ్ళేముందు పట్టాలో పేరు ఎలా ఉందో చూసుకున్నారా అని కూడా అడుగు.

సుజాత: రెండోసారి.

మావయ్య: మూడోసారి కూడా వస్తుంది. ఒడిశా భూరికార్డుల సైటు bhulekh.ori.nic.in లో పొలం ఖాతా నంబరు కొడితే రాత్రి పదింటికైనా కనిపిస్తుంది, దానికి కౌంటరూ లేదు, సెలవూ లేదు. మన తెలుగు పేర్లను ఒడియాలో రాసినప్పుడు ఏదో ఒక అక్షరం జారిపోతుంది, ఇంటిపేరు ముందు నుంచి వెనక్కి పోతుంది. అప్పారావు అపారావు అవుతాడు. ఆ తేడా ముందే తెలిస్తే, ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయించవచ్చు. తరువాత తెలిస్తే దాని కోసమే మళ్ళీ నోటరీ దగ్గరికి పోవాలి.

సుజాత: ఇక్కడే మీతో నాకు పేచీ. పేరు తేడా ఉంటే ముందు తల్లిగారి ఆధార్ సరిచేయించాలని నేనంటాను. ఉత్తరం చివర ఆయన రాశారు, అమ్మ ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉందట, బ్యాంకు పుస్తకంలో అత్తవారి ఇంటిపేరు ఉందట. వేరు దగ్గర తప్పు ఉంచుకొని పైన ఎన్ని కాగితాలు తెచ్చినా అన్నీ మళ్ళీ మార్చవలసి వస్తాయి.

మావయ్య: ఆధార్ సవరణకు ఎన్నాళ్ళు పడుతుంది?

సుజాత: సాధారణంగా 30 రోజుల లోపు.

మావయ్య: ఆయన సెలవు వారం. ఆ నెల రోజులూ వారసత్వ ధ్రువపత్రం దరఖాస్తు పెట్టకుండా కూర్చుంటే ఎవరికి లాభం? మొత్తం పనిలో ఎక్కువ కాలం పట్టేది అదే. దరఖాస్తు పడాలి, ఆర్‌ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు రావాలి, అభ్యంతరాలు చూడాలి, తహసీల్దారు సంతకం పెట్టాలి. దాన్ని ఎంత వెనక్కి నెడితే పొలం మ్యుటేషన్, అంటే పట్టాను వారసుల పేరుకు మార్చడం, అంత వెనక్కి పోతుంది.

సుజాత: పాత ఇంటిపేరుతో వారసత్వ పత్రం వచ్చాక ఆధార్ మార్చితే, ఆ పత్రంలో ఉన్నది ఈవిడేనని మళ్ళీ ఎవరు రుజువు చేస్తారు? అలా వచ్చినవాళ్ళను నేను రోజూ చూస్తున్నాను మావయ్యా. మీరు సంతకం పెట్టే వైపు కూర్చున్నారు, నేను తిరిగి వచ్చినవాళ్ళ వైపు కూర్చున్నాను.

మావయ్య: (కొంత ఆగి) ఆ మాట నిజమే. కానీ ఆధార్ ఎందుకు మార్చాలి? ఆవిడ దగ్గర ఉన్న కాగితాల్లో ఎన్ని ఆధార్ పేరుతో ఉన్నాయో, ఎన్ని బ్యాంకు పేరుతో ఉన్నాయో చూడు. రేషను కార్డు, ఓటరు కార్డు ఆధార్ పేరుతోనే ఉంటే, ఒక్క బ్యాంకు పుస్తకం కోసం ఆధార్‌ను కదిలించడం ఎందుకు? బ్యాంకులోనే పేరు మార్పించుకోమను. ఎక్కువ కాగితాలు ఏ పేరున ఉన్నాయో ఆ పేరుతో తహసీలులో దరఖాస్తు పెట్టి, మిగిలిన ఒకటో రెండో దానికి సరిపెట్టాలి.

సుజాత: అవన్నీ అత్తవారి పేరుతో ఉండి, ఆధార్ ఒక్కటే పుట్టింటి పేరుతో ఉంటే?

మావయ్య: అప్పుడు నీ మాటే. ఆధార్ ముందు.

సుజాత: అదీ జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి, స్పెల్లింగు కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి ఆపరేటరు ముందు పెట్టమని చెబుతున్నాను. ఇప్పుడు బ్యాంకు సంగతి. వారసత్వ పత్రం వచ్చేదాకా బ్యాంకుకు పోకూడదని ఆయనకు ఎవరో చెప్పారట. ఖాతాకు నామినీగా తల్లి ఉంటే ఆ పత్రంతో పనే లేదు. మరణ పత్రం, క్లెయిము ఫారం, నామినీ గుర్తింపు కాగితం చాలు. అన్నీ అందాక 15 రోజుల్లో పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

మావయ్య: అయితే ఆ డబ్బు నామినీ సొంతమైపోదు, వారసులందరి తరఫున తీసుకున్నట్టే లెక్క. టెక్కలి చెల్లెలికి ఆ మాట ముందే చెప్పాలి. అసలు వారసుల జాబితాలో ఆమె పేరు ఉందా?

సుజాత: ఉత్తరంలో "అమ్మ, నేను" అని మాత్రమే ఉంది.

మావయ్య: అదిగో! పెళ్ళైన కూతురిని వదిలేసి దరఖాస్తు పెడితే విచారణలో ఊరివాళ్ళే ఆర్‌ఐకి చెబుతారు, దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది. హిందూ వారసత్వ చట్టంలో భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు చనిపోయినవారి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. నాయనమ్మ బ్రతికి ఉన్నారా అని ఎవరూ అడగరు. నేను అడిగేవాణ్ని, నన్ను తిట్టేవాళ్ళు.

సుజాత: ఇప్పుడు వారాన్ని కూర్చుదాం. సోమవారం విశాఖలో మరణ పత్రం. మంగళవారం పొద్దున్నే తల్లిని, చెల్లెలిని పర్లాకిమిడికి రప్పించాలి. వాళ్ళను ఒక్క రోజే తీసుకురావాలి, అది కూడా ఇద్దరి సంతకాలూ పనికొచ్చే రోజు అయ్యుండాలి. ముందు నోటరీ దగ్గర అఫిడవిట్, ఎందుకంటే అది లేనిదే దరఖాస్తు వేయలేం. అక్కడి నుంచి సేవా కేంద్రంలో వారసత్వ దరఖాస్తు, దానితోపాటే తల్లి ఆదాయ పత్రానికి ఇంకొకటి. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధు బాబు పింఛను వితంతువులకు వయసుతో పనిలేకుండా వస్తుంది, దాని దరఖాస్తుకు ఆదాయ పత్రం అడుగుతారు. బ్యాంకు కౌంటరు మూసేలోగా తల్లితో అక్కడికి చేరాలి.

మావయ్య: బుధ, గురు, శుక్రవారాలు ఆయన ఊళ్ళోనే ఉండాలి. ఆర్‌ఐ ఎప్పుడు వస్తారో చెప్పలేం, వచ్చినప్పుడు దరఖాస్తుదారు ఇంట్లో లేకపోతే నివేదిక ఇంకో వారం ఆగుతుంది. మ్యుటేషన్ మాత్రం ఈ వారంలో జరగదు, వారసత్వ పత్రం వచ్చాకనే. దాన్ని తల్లిగారే పెట్టవచ్చు కాబట్టి ఆయన సూరత్ నుంచి మళ్ళీ రానక్కరలేదు. దరఖాస్తు రసీదు నంబరు మాత్రం ఫోనులో ఫొటో తీసి ఉంచుకోమను, సేవల హక్కు చట్టం కింద గడువు దాటితే అప్పీలుకు అదే ఆధారం.

సుజాత: జూన్ నడుమ రజో పండగ వస్తుంది. ఆ రోజుల్లో మన తహసీలు మూసి ఉంటుంది, విశాఖ కార్యాలయాలు తెరిచే ఉంటాయి. ఆయన సెలవు ఆ వారమే పడితే విశాఖ పనిని పండగ రోజుల్లో పెట్టుకొని, ఇక్కడి పనిని తరువాతికి జరపాలి. సంక్రాంతికి దీనికి తలకిందులు, అక్కడ భోగి నుంచి కనుమ దాకా సెలవులు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకు ఎటువైపూ ఉండదు.

మావయ్య: అడ్మిషన్ల పత్రాల గురించి చెప్పలేదు కదా.

సుజాత: మూడూ ఒకే రోజు వేయమని చెప్పారుగా.

మావయ్య: ఆదాయ పత్రానికి తండ్రి జీతం పత్రమో, పొలం ఉంటే పట్టానో...

సుజాత: మూడు కాదు, నాలుగోసారి. కేంద్రం తెరిచే వేళైంది మావయ్యా, బయట ఇప్పటికే ఎవరో తలుపు తడుతున్నారు, మైకు కట్టేస్తున్నాను.