‘ఎవరికీ చెప్పనని మాటియ్యి’: ఒక కేస్ స్టడీపై చర్చ

యాంకర్: ఇది క్లాసు కోసం అల్లిన కేసు, నిజం కుటుంబం కాదు. నిజామాబాద్ దగ్గర ఒక ఊరు, తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి తాగుతాడు, కూతురికి పదహారేళ్లు. ఫీల్డ్‌వర్క్‌కి వచ్చిన ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ చదివే అమ్మాయి సొంత నంబరిచ్చింది, పిల్ల ఫీజుకి 2,000 కూడా ఇచ్చింది. ఒక రాత్రి తల్లి ఫోన్ చేసి, ‘పది రోజుల్లో పిల్ల పెళ్లి, ఎవరికీ చెప్పనని మాటియ్యి అక్కా’ అంటే సరే అనేసింది. మేడం, క్లాసులో మొదట ఏం అడుగుతారు?

అధ్యాపకురాలు: తప్పా ఒప్పా అని మాత్రం అడగను, అందరూ తప్పే అంటారు, అయిదు నిమిషాల్లో క్లాసు అయిపోతుంది. ఆ అమ్మాయి రాసిన ప్రాసెస్ రికార్డింగ్, అంటే ఇంటికెళ్లినప్పుడు జరిగింది, మాట్లాడింది ఉన్నదున్నట్టు రాసే నోట్సు ఇచ్చి, ఇందులో ఏం లేదో వెతకమంటాను. టీ తాగింది ఉంటుంది, తల్లి ఏడ్చింది ఉంటుంది. 2,000 మాటే ఉండదు. ఎందుకు రాయలేదు?

విద్యార్థిని: ఆ అమ్మాయి తరఫున నేను చెబుతాను, సార్ తిడతారని. నిజంగా అంతే మేడం.

ఫీల్డ్ సూపర్‌వైజర్: తిడతాను, కానీ డబ్బుకి కాదమ్మా. మూడు సార్లు ఇంటికెళ్లావు, మూడుసార్లూ తండ్రి లేని వేళ చూసుకుని వెళ్లావు. కుటుంబంతో పని అనుకున్నది తల్లి తరఫు పని అయిపోయింది. ఆ పిల్ల ఏమంటోందో కూడా రికార్డులో ఒక్క ముక్క లేదు.

యాంకర్: మరి ఆ మాట ఇవ్వడం?

అధ్యాపకురాలు: మొదటి రోజే చెప్పాల్సింది: ‘మీ మాట బయటికి పోదమ్మా, కానీ పిల్లకి హాని ఉందనిపిస్తే మా సార్‌కి చెప్పక తప్పదు’ అని. అది చెప్పలేదు కాబట్టే ఆ రాత్రి ఇరుక్కుంది.

ఫీల్డ్ సూపర్‌వైజర్: ఆ రాత్రే నాకు ఫోన్ చేయాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. అక్కణ్నుంచి బాల్యవివాహ నిరోధక అధికారి చూసుకుంటారు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఆపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు, దాన్ని కాదని చేసిన పెళ్లి చెల్లదు. ఈ ఫీల్డ్‌వర్క్ అమ్మాయి పోయి పందిట్లో నిలబడి ఆపడం కాదు.

విద్యార్థిని: 1098కి చెప్పేముందు తల్లికి చెప్పాలా?

అధ్యాపకురాలు: చెప్పాలి. వెనక నుంచి చేస్తే ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేం.

ఫీల్డ్ సూపర్‌వైజర్: ఇక్కడ నేను ఒప్పుకోను మేడం. చెబితే ముహూర్తం రేపటికి జరుపుతారు, లేదా పిల్లని చుట్టాల ఊరు పంపేస్తారు. ముందు అధికారికి, తర్వాత తల్లికి.

అధ్యాపకురాలు: పెళ్లి రేపే అయితే మీరన్నదే. పది రోజులుంటే, తల్లికే ఈ పెళ్లి ఇష్టం లేకపోవచ్చు, లేకపోతే అర్ధరాత్రి ఫోన్ ఎందుకు చేస్తుంది? క్లాసుని అదే అడుగుతాను, ఆ ఫోన్ దాచమనా, ఆపమనా?

విద్యార్థిని: మరి ఆ 2,000?

ఫీల్డ్ సూపర్‌వైజర్: తిరిగి అడగొద్దు. ఇవాళ్టి తేదీ వేసి రికార్డులో రాయి.