ఒక్క మార్కు విలువ ఎంత? – డిగ్రీ విద్యార్థులతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంటర్నల్, రికార్డు, అసైన్‌మెంటు, ఫైనల్ పరీక్షలలో ఒక్క మార్కు పెరిగితే చివరి గ్రేడు ఎంత మారుతుందన్న దానిపై నల్లగొండ నుంచి వచ్చిన గణాంకశాస్త్ర అధ్యాపకులు ఈ రోజు సమాధానాలు చెబుతారు. మొదటి కాల్ దేవరకొండ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. మా ప్రాజెక్టుకు రెండు వందల మార్కులు, పరీక్షకు 75 మార్కులే ఉన్నాయి. అందుకని నేను ప్రాజెక్టు మీదే ఎక్కువ కష్టపడుతున్నాను. అది సరైనదేనా?

అధ్యాపకులు: వెయిటేజీ ఎంత ఇచ్చారమ్మా?

శ్రోత: ప్రాజెక్టుకు 40 శాతం, పరీక్షకు 60 శాతం సార్.

అధ్యాపకులు: అయితే 40ని 200తో భాగించు, 0.2 వస్తుంది. 60ని 75తో భాగించు, 0.8 వస్తుంది. ప్రాజెక్టులో నాలుగు మార్కులు తెచ్చుకుంటే ఎంత లాభమో, పరీక్షలో ఒక్క మార్కుకు అంత లాభం. వెయిటేజీని గరిష్ఠ మార్కులతో భాగించకుండా ఎవరూ ఏ నిర్ణయానికీ రావద్దు. ఈ మాట ఈ రోజు ఇంకా చాలాసార్లు చెబుతాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మిర్యాలగూడ నుంచి మరొకరు.

శ్రోత: సార్, నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా కాలేజీలో రికార్డుకు 50 మార్కులు, వెయిటేజీ 10 శాతం. అసైన్‌మెంట్లకు 20 మార్కులు, దానికీ 10 శాతమే. ఇంటర్నల్స్ రెండు, ఒక్కొక్కటి 25 మార్కులకు, రెండూ కలిపి 20 శాతం. ఫైనల్ వంద మార్కులకు, 60 శాతం. నాకు రికార్డులో 42, అసైన్‌మెంట్లలో 15 వచ్చాయి. మొదటి ఇంటర్నల్‌లో 14, రెండో దానిలో 19. కానీ మొదటి ఇంటర్నల్ పేపర్లో ఒక బిట్‌కు టిక్కు పెట్టి, ఆ మార్కును పై పేజీలో కలపలేదు సార్. అడిగితే రేపు రమ్మంటారు, రేపు వెళితే సార్ సెలవులో ఉన్నారంటారు. అలా వారం నుంచి తిరుగుతున్నాను. పైగా రికార్డు తిరిగి రాసిస్తే మూడు మార్కులు పెంచుతామన్నారు. అది మూడు రాత్రుల పని. ఫైనల్‌కు ఇంకా పన్నెండు రోజులే ఉంది. 70 దాటితేనే నాకు పై గ్రేడు వస్తుంది. ఏది చేయాలి సార్?

అధ్యాపకులు: కాగితం, పెన్ను దగ్గర పెట్టుకో బిడ్డా. ఒక్క మార్కుకు రికార్డులో 0.2, అసైన్‌మెంట్లో 0.5, ఫైనల్లో 0.6 వస్తుంది. ఇంటర్నల్స్‌కు సగటు తీస్తారా, రెండింటిలో ఎక్కువ వచ్చిన దాన్ని తీసుకుంటారా?

శ్రోత: సగటే అనుకుంటున్నాను సార్.

అధ్యాపకులు: అనుకోవడం కాదు, తెలుసుకోవాలి. ప్రస్తుతానికి సగటు అనే లెక్క వేద్దాం. సగటు ఒక మార్కు పెరిగితే 0.8 వస్తుంది. అయితే నీకు కలపాల్సింది ఒక్క పేపర్లోనే కాబట్టి సగటు అర మార్కే పెరుగుతుంది, నీకు దక్కేది 0.4. ఇప్పుడు నీ మొత్తం చూద్దాం. రికార్డుకు 8.4, అసైన్‌మెంట్లకు 7.5. ఇంటర్నల్స్ సగటు 16.5 కాబట్టి దానికి 13.2. మొత్తం 29.1. డెబ్భైకి ఇంకా 40.9 కావాలి. దాన్ని 0.6తో భాగిస్తే 68.17. అంటే నీవు ఫైనల్లో 69 తెచ్చుకోవాలి.

శ్రోత: కానీ సార్, ఫైనల్‌కు 60 శాతం ఉంది కదా, అక్కడి మార్కే కదా అన్నిటికంటే పెద్దది?

అధ్యాపకులు: ఇప్పుడే చెప్పాను బిడ్డా. 60 శాతం అన్నది వంద మార్కులన్నిటికీ కలిపి. ఒక్క మార్కుకు వచ్చేది 0.6 మాత్రమే. సగటు కాకుండా ఒకే ఇంటర్నల్ ఉండి ఉంటే, అక్కడి మార్కుకు 0.8 వచ్చి ఫైనల్ మార్కును మించేది. భాగించకుండా మాట్లాడవద్దు.

శ్రోత: అయితే రికార్డు రాయాలా సార్, వద్దా?

అధ్యాపకులు: జాగ్రత్తగా విను. ఫైనల్లో 68 వస్తే నీకు 40.8 వస్తుంది, కేవలం 0.1 తక్కువవుతుంది. కాబట్టి రికార్డులో ఒక్క మార్కు పెరిగినా 0.2 వచ్చి, 69 అవసరం కాస్తా 68కి దిగుతుంది. కానీ రెండో మార్కుతో, మూడో మార్కుతో ఏమీ మారదు, 68 దగ్గరే ఉంటుంది. నాలుగో మార్కు వస్తేనే 67కి దిగుతుంది. వాళ్లు పెంచుతామన్నది మూడే. మూడు రాత్రులు కూర్చుని నీవు సంపాదించేది ఫైనల్లో ఒక్క మార్కు. ఆ మూడు రాత్రులు ఒక యూనిట్ చదివితే ఐదు మార్కుల ప్రశ్న ఒకటి పూర్తిగా రాయగలవు, దాని విలువ 3.

శ్రోత: మరి కలపని ఆ ఒక్క మార్కు సార్?

అధ్యాపకులు: అది నీ మార్కు, అడుగు. సగటైతే 0.4 వస్తుంది, దానితో కూడా 68కి దిగుతావు. రికార్డు తిరిగి రాయడానికి మూడు రాత్రులు కావాలి, దీనికి పది నిమిషాలు చాలు. కానీ ముందు సగటో కాదో నోటీసు బోర్డులో చూసి రా.

వ్యాఖ్యాత: వనపర్తి నుంచి మరొకరు ఉన్నారు.

శ్రోత: సార్, మా అమ్మాయికి రెండు సబ్జెక్టులలో 69 చొప్పున వచ్చి, ఒక్కొక్క మార్కుతో గ్రేడు తప్పిపోయింది. ఒకదానికే రీవాల్యుయేషన్ ఫీజు కట్టగలం. ఏది కట్టాలి?

అధ్యాపకులు: క్రెడిట్లు చెప్పండమ్మా.

శ్రోత: ఒకటి ఐదు, ఒకటి రెండు. సెమిస్టర్ మొత్తం ఇరవై.

అధ్యాపకులు: గ్రేడు ఒక మెట్టు పెరిగితే గ్రేడ్ పాయింటు ఒకటి పెరుగుతుంది. దాన్ని క్రెడిట్లతో గుణించి ఇరవైతో భాగించాలి. ఐదు క్రెడిట్ల సబ్జెక్టైతే ఎస్‌జీపీఏ 0.25 పెరుగుతుంది, రెండు క్రెడిట్లదైతే 0.1 మాత్రమే. కట్టేదైతే ఐదు క్రెడిట్ల దానికే కట్టండి. ఇంకొక్క మాట. ఆ 69 వెయిటేజీ వేసిన తరువాత వచ్చినదా?

శ్రోత: అవును సార్, మెమోలో వచ్చిందే.

అధ్యాపకులు: ఫైనల్‌కు వంద మార్కులు, 60 శాతం అయితే, పేపర్లో ఒక్క మార్కు పెరిగినా మెమోలో 69.6 అవుతుంది. పై అంకెకు సవరించే పద్ధతి అక్కడ లేకపోతే మీకు పేపర్లో రెండు మార్కులు పెరగాలి. డబ్బు కట్టేముందు అది అడగండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. నాగర్‌కర్నూల్.

శ్రోత: సార్, నాకు మొత్తం మీద 58 ఉంది, కానీ ఫైనల్లో 39 వచ్చిందని ఫెయిల్ అన్నారు. ఫైనల్లో విడిగా నలభై రావాలట.

అధ్యాపకులు: అలాంటి నియమం ఉంటే అక్కడ వెయిటేజీ లెక్క పని చేయదు నాయనా. మిగతా వాటిలో ఇరవై మార్కులు పెరిగినా ఫెయిలే, ఫైనల్లో ఒక్కటి పెరిగితే పాసు.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. మిర్యాలగూడ విద్యార్థి మళ్లీ లైనులోకి వచ్చారు.

శ్రోత: సార్, మా క్లాస్‌మేట్ నోటీసు ఫోటో తీసి పంపాడు. రెండు ఇంటర్నల్స్‌లో ఎక్కువ వచ్చిన దాన్నే తీసుకుంటారట.

అధ్యాపకులు: చూశావా. అయితే 19కి 15.2 వస్తుంది. నీ మొత్తం 31.1 అవుతుంది, ఇంకా 38.9 కావాలి. 0.6తో భాగిస్తే 64.83. ఫైనల్లో 65 చాలు. మొదటి ఇంటర్నల్ 14 అయినా 15 అయినా నీ గ్రేడులో తేడా రాదు, కాబట్టి ఆ మార్కు కోసం ఇక తిరగవద్దు.

శ్రోత: మరి రికార్డు సార్?

అధ్యాపకులు: నీవే లెక్క వేయి. మూడు మార్కులకు 0.6 వస్తే ఎంత కావాలి?

శ్రోత: 38.3 కావాలి సార్... భాగిస్తే 63.83. అంటే 64.

అధ్యాపకులు: సరిగ్గా వేశావు. ఒక్క మార్కు తగ్గింది. ఇక ఆ మూడు రాత్రులు ఎటు వెచ్చించాలో నీ ఇష్టం బిడ్డా.

శ్రోత: యూనిట్ చదువుకుంటాను సార్.